40 సెకన్ల కుండకు ఎనిమిది రోజుల వాక్యం

“నిమిషంలో చేసేశారు, దీనికి మూడు వందలా?”

ఒక కుమ్మరి కుటుంబం పెట్టిన రీలు కింద ఈ వ్యాఖ్య కనిపించింది. వాళ్లది చంద్రగిరి వైపు ఒక ఊరు, తిరుపతి నుంచి ఎంతో దూరం కాదు. కుండ చేసింది మామ, ఫోనులో తీసింది కోడలు. ఆ ఇంటితో నాకు పరిచయం ఉంది కాబట్టి వ్యాఖ్య చదవగానే కోపం వచ్చింది. రీలు ఇంకోసారి చూశాక ఆ కోపం నిలవలేదు. మట్టి ముద్ద సారె మీద పడింది, రెండు చేతులు దాన్ని చుట్టుకున్నాయి, మెడ లేచింది, అంచు విచ్చుకుంది. మరుక్షణం ఎర్రగా కాలిన కుండ గట్టు మీద కూర్చుని ఉంది. మొత్తం 40 సెకన్లు. వ్యాఖ్య రాసిన మనిషి అబద్ధం చెప్పలేదు, తనకు కనిపించిందే చెప్పాడు. అసలు సంగతి చెప్పాల్సిన క్యాప్షన్ ఏం చేస్తోందని చూస్తే, “మట్టికి ప్రాణం పోసే చేతులు” అంటూ రెండు దండాల బొమ్మలు పెట్టుకుని నిలబడింది. కింద ట్యాగులు ఇలా ఉన్నాయి:

```
#love #viral #trending #explore #art #pot #Tirumala #Govinda
```

ఇలాంటి వీడియోలకు కవిత్వం అక్కర్లేదని నేను అంటే స్నేహితులు నన్ను రసజ్ఞత లేనిదాన్ని అంటారు. అననివ్వండి. మట్టి కుండ అవడం చూపే వీడియో ఎంత అందంగా ఉంటే కుండ ధర అంత తగ్గుతుందని నా అనుమానం. చేతి పని ఎంత సులువుగా కనబడితే అంత చవకగా అడుగుతారు. వీడియో కత్తిరించిన కాలాన్ని తిరిగి తెచ్చి పెట్టగలిగేది దాని కింద ఉన్న నాలుగు మాటలే. ఆ నాలుగు మాటలనూ చేతుల పొగడ్తకు ఖర్చు పెడితే, బేరమాడే మనిషికి జవాబు లేకుండా పోతుంది.

కత్తెర పడిన చోట

ఆ రీలులో తడి మెడకూ కాలిన కుండకూ మధ్య ఒకే ఒక కత్తెర ఉంది. అందులో ఏమేమి పోయాయో చూద్దాం.

సారె మీద పూర్తి కుండ రాదు. నీళ్ల కుండకు గుండ్రటి అడుగు ఉండాలి, పెద్ద పొట్ట ఉండాలి, గోడ పలచగా ఉండాలి. అంత పలచటి గోడ, అంత వెడల్పు పొట్ట తడి మట్టితో సారె మీదే లాగితే కూలిపోతుంది. అందుకని పెద్దాయన సారె మీద అంచు, మెడ, భుజం మాత్రం తీరుగా తెస్తాడు. కింది భాగం మందంగా, పొట్టిగా వదిలేసి దారంతో కోసి దించుతాడు. ఆ క్షణంలో అది చూడటానికి కుండలా ఉండదు, అడుగు లేని మందపాటి గొట్టంలా ఉంటుంది. రీలులో అందంగా కనిపించే 20 సెకన్లు ఇంతవరకే.

తర్వాత అది నీడలో కొంత గట్టిపడాలి. వేలితో నొక్కితే గుంట పడాలి కానీ మట్టి వేలికి అంటకూడదు. అప్పుడు ఎడమచేత్తో లోపల ఒక నున్నటి గుండు రాయి పట్టుకుని, కుడిచేత్తో బయటి నుంచి చెక్కతో కొడతారు. రాయి ఎక్కడ ఉందో చెక్క సరిగ్గా అక్కడే పడాలి. దెబ్బ దెబ్బకూ గోడ పలచబడుతుంది, పొట్ట విచ్చుకుంటుంది, కింద ఉన్న రంధ్రం కొద్దికొద్దిగా మూసుకుపోతుంది. ఒకే విడతలో అయిపోదు. కొంత కొట్టి, ఆరనిచ్చి, మళ్లీ కొట్టాలి. మరీ తడిగా ఉన్నప్పుడు కొడితే గోడ జారిపోతుంది, ఆరిపోయాక కొడితే నెర్రె విడుస్తుంది. ఆ ఇంట్లో ఎవరి పనిలో వాళ్లున్నా టపటపమని ఈ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. రీలులో మాత్రం దాని బదులు వేణువు పాట పెట్టారు.

ఆ తర్వాత ఆరబెట్టడం. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కదా అని మనకు అనిపిస్తుంది. ఎండకు పలచటి అంచు ముందు ఆరి ముడుచుకుంటుంది, మందంగా ఉన్న అడుగు ఇంకా తడిగానే ఉంటుంది. ఆ రెండింటి మధ్య పేచీతో కుండ పగులుతుంది. అందుకే నీడలో, గాలి నేరుగా తగలని చోట, మధ్యమధ్య తిప్పి పెడుతూ ఆరనిస్తారు. ఎండాకాలంలో నాలుగైదు రోజులకు అయ్యే పని ముసురు పట్టినప్పుడు రెండింతలు సాగుతుంది.

చివరికి ఆవం. కుండలు పేర్చి, మధ్యలో కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు సర్ది, పైన గడ్డి కప్పి మట్టి మెత్తుతారు. మొదట చాలాసేపు పొగ మాత్రమే రావాలి. పైకి పొడిగా కనిపించే కుండలో కూడా తేమ మిగిలి ఉంటుంది. మంట ఒక్కసారిగా పెంచితే ఆ తేమ ఆవిరై బయటికి పోయే దారి లేక కుండను లోపల నుంచి పేల్చేస్తుంది. పెద్ద మంట ఆ తర్వాతే. రాత్రంతా కాల్చి తెల్లారి వెంటనే తెరిచినా ప్రమాదమే, చల్లగాలి తగిలి పగుళ్లు వస్తాయి. పూర్తిగా చల్లారాక ఒక్కొక్కటే తీసి, వేలి కణుపుతో తట్టి వింటారు. బాగున్నది కంగుమంటుంది. కంటికి కనపడని పగులు ఉన్నది బొంగురుగా పలుకుతుంది, దాన్ని పక్కన పెడతారు. ప్రతి ఆవంలోనూ పక్కన పెట్టేవి కొన్ని ఉంటాయి, వాటి కట్టె ఖర్చు కూడా నిలిచిన కుండలే మోయాలి.

వీటిలో ఏ ఒక్కటీ రీలులో లేదు. ఉండాలని కూడా నేను అనను. ఆరుతున్న కుండను ఐదు రోజులు ఎవరు చూస్తారు? కత్తిరించడం తప్పు కాదు, కత్తిరించామని చెప్పకపోవడమే తప్పు.

అయితే ఏం రాయాలి

కోడలు అడిగింది, “అక్కా, తప్పులు చెప్పడం సరే, నువ్వే రాసివ్వు” అని. న్యాయమైన మాట. ఇద్దరం కూర్చుని రాసింది ఇది:

“ఈ 40 సెకన్ల వెనక ఎనిమిది రోజులు ఉన్నాయి. సారె మీద వచ్చింది మెడ, భుజం మాత్రమే. అడుగు మా మామ చెక్కతో కొట్టి మూశాడు. ఐదు రోజులు నీడలో ఆరింది, ఒక రాత్రి ఆవంలో కాలింది. పది లీటర్ల నీళ్ల మట్టి కుండ, రంగు వేయలేదు. కొత్తలో ఒక రాత్రంతా నీళ్లు పోసి ఉంచి, ఆ నీళ్లు పారబోసి వాడండి. తిరుపతి దగ్గర, చంద్రగిరి వైపు, మా ఇంటి వద్దే అమ్ముతాం.”

మొదటి వాక్యం దగ్గరే ఎక్కువసేపు పట్టింది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాయవచ్చు కానీ, రీలు ఆడుతున్నప్పుడు కనిపించేది మొదటి పంక్తే, మిగతాది వేలితో నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి చదివినా చదవకపోయినా కంటబడాల్సిన మాట మొదటే ఉండాలి. ఆమె మొదట “మా మామగారు ముప్పై ఏళ్లుగా” అని మొదలుపెట్టింది. అది గౌరవం, నిజం కూడా. కానీ “నిమిషంలో చేసేశారు” అనే మనిషికి అది జవాబు కాదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉంటే ఇంకా తొందరగా చేస్తారు కదా అనుకుంటాడు.

“రంగు వేయలేదు” అన్నది అలంకారానికి రాసిన మాట కాదు. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది గోడలోని సన్నటి రంధ్రాల్లోంచి తేమ బయటికి ఊరి, ఆవిరై పోతూ వేడిని తీసుకుపోవడం వల్ల. మెరిసే ఆయిల్ పెయింట్ పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. ముగ్గులు, నెమళ్లు వేసిన కుండ వీడియోలో బాగుంటుంది, మే నెలలో నీళ్లు మాత్రం చల్లబడవు. కొన్నవాళ్లు మట్టి మంచిది కాదనుకుంటారు. అదే విధంగా కొత్త కుండ బయట చెమర్చితే “కారుతోంది” అని తిరిగి తెచ్చేవాళ్లున్నారట. చెమర్చడమే దాని పని అని ఇంకో పోస్టులో రాయమన్నాను. అన్నీ ఒకే క్యాప్షన్‌లో కుక్కితే ఎవరూ చదవరు.

ఆమె ఒక మాట అడిగితే నేను ఒప్పుకోలేదు. కుండ నీళ్లతో ఫలానా జబ్బు నయమవుతుందని, నీళ్లు క్షారంగా మారతాయని వేరే పేజీల్లో రాస్తున్నారు, వాటికి వేలల్లో లైకులు వస్తున్నాయి, మనమూ రాద్దామంది. నీళ్లు చల్లగా ఉంటాయి, మట్టి వాసన వస్తుంది, కరెంటు అక్కర్లేదు. చేతిలో ఇన్ని నిజాలు ఉండగా వైద్యుడి పని కుమ్మరి ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

ఇక్కడ ఒక ఎదురువాదాన్ని తీసిపారేయలేను. క్యాప్షన్ చదివేదెవరు? వేలు పైకి జరుపుకుంటూ పోయే వందమందిలో తొంభైమంది చదవరు. ఒప్పుకుంటాను. కానీ చదవనివాళ్లు కొనేవాళ్లు కూడా కారు. కొనాలని మనసులో ఉన్న మనిషి ఎన్ని లీటర్లు, ఎక్కడ దొరుకుతుంది అని వెతుక్కుంటూ కిందికి వస్తాడు. క్యాప్షన్ అతని కోసం. మిగతా తొంభైమంది కోసం ఇంకో పని చేయవచ్చు: తడి మెడ నుంచి కాలిన కుండకు దూకే ఆ కత్తెర దగ్గరే, వీడియో మీదే, “ఎనిమిది రోజుల తర్వాత” అని మూడు మాటలు వేయడం. ఆమె వెంటనే వేసింది. నా లెక్కలో మొత్తం క్యాప్షన్ కన్నా ఆ మూడు మాటలే ఎక్కువ పనిచేస్తాయి.

ట్యాగుల గంప

హ్యాష్‌ట్యాగుల మీద జనానికి ఉన్న నమ్మకం చూస్తే తాయెత్తుల మీద ఉన్న నమ్మకం గుర్తొస్తుంది. ఎన్ని కడితే అంత రక్ష. ముప్పై దాకా ఒప్పుకున్న రోజుల్లోనే, 2021లో, ఇన్‌స్టాగ్రామ్ తానే మూడు నుంచి ఐదు చాలని చెప్పింది. 2024 డిసెంబరులో ట్యాగులను అనుసరించే సౌకర్యాన్ని కూడా తీసేసింది. యూట్యూబులో అయితే ఒక వీడియోకు 60 దాటితే ఒక్క ట్యాగునూ లెక్కలోకి తీసుకోదు. కాబట్టి ఇప్పుడు ట్యాగు వల్ల వీడియో పదిమందికి ఎగిరిపోదు. ఇది దేని గురించి, ఎక్కడిది అని చెప్పే చీటీగా పనికొస్తే చాలు. ఆ మాటలనే క్యాప్షన్ వాక్యాల్లో కూడా ఉంచాలి, వెతుకులాటకు అవీ అందుతాయి. “నీళ్ల మట్టి కుండ”, “తిరుపతి దగ్గర” అని క్యాప్షన్‌లోనే రాయించింది అందుకే.

మొదటి వరుసలో ఉన్నవాటిని ఒక్కొక్కటే కొట్టేశాం. `#love`, `#viral` ఏ వీడియో గురించీ ఏమీ చెప్పవు. `#pot` అయితే మరీ ఘోరం. అమెరికాలో ఆ మాటకు గంజాయి అనే అర్థం స్థిరపడిపోయింది, పాపం మన కుండ వెళ్లి ఆ పొగలో కూర్చుంటుంది. `#ClayPot` అంటే ఆ ఇబ్బంది లేదు.

`#Tirumala`, `#Govinda` తీయడానికి ఆమె గింజుకుంది. “తిరుపతిలో ఉండి ఆ పేరు లేకుండా ఎలా అక్కా, వాటితోనే ఎక్కువమంది చూస్తారు” అంది. చూస్తారు, నిజమే. చూసేది దర్శనానికి వచ్చే వాళ్లు, రావాలనుకునే వాళ్లు. రైలెక్కి హైదరాబాదుకో చెన్నైకో తిరిగి వెళ్లే యాత్రికుడు పది లీటర్ల కుండను ఒళ్లో పెట్టుకుని పోడు. పార్శిల్ కట్టి పంపితే కుండ చేరదు, పెంకులు చేరతాయి. ఈ కుండను కొనగలిగినవాడు స్కూటరు మీద వచ్చి తీసుకుపోయే దూరంలోనే ఉన్నాడు. అతనికి ఊరి పేరు కావాలి, దేవుడి పేరు కాదు.

మాటల్లో పెద్దాయన కల్పించుకుని, కొండ మీద స్వామికి రోజూ కొత్త మట్టి ఓడులోనే పెరుగన్నం నైవేద్యం పెడతారని, మట్టి పూలతో పూజించిన కురువ నంబి తమ వాడేనని చెప్పాడు. ఆ గర్వం ఆయనది, అందుకు నాకు అభ్యంతరమేమీ లేదు. కురువ నంబి కథ మీద వేరే వీడియో చేస్తే అప్పుడు ఆ పేర్లు పెట్టుకోవచ్చు. ఈ కుండ కొండకు వెళ్లే ఓడు కాదు. దాని కింద `#Govinda` అని పెడితే కొండకు వెళ్లేది ఇదేనని జనం అనుకోవచ్చు, అనుకోవాలనే కొందరు పెడతారు.

పలమనేరు పేరు సంగతీ అంతే. పలమనేరు మట్టి బొమ్మలకు పేరుంది కాబట్టి ఈ చుట్టుపక్కల ఎవరు మట్టి ముట్టుకున్నా `#PalamanerTerracotta` తగిలిస్తున్నారు. అక్కడి ఏనుగులు, అలంకరణ సామగ్రి పెట్టెల్లో సర్దుకుని దూరాలకు పోగలవు, వాళ్లకు దూరపు ట్యాగులు పనికొస్తాయి. చంద్రగిరి నీళ్ల కుండకు ఆ పేరు అరువు తెచ్చుకోవడం అనవసరం, అక్కడి వాళ్లకు అన్యాయం కూడా.

చివరికి మిగిలినవి ఇవి:

```
#మట్టికుండ #mattikunda #ClayPot #Tirupati #Chandragiri
```

రెండోది చూసి నవ్వకండి. మనలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, నేనూ అంతే. మొదటిదాంట్లో రెండు మాటలూ కలిపి రాశాం, మధ్యలో ఖాళీ వదిలితే ట్యాగు “మట్టి” దగ్గరే తెగిపోతుంది, కుండ బయట పడిపోతుంది. అడ్డగీత పెట్టినా అంతే. ఇక `#ClayPot`లో P పెద్దక్షరం ఉండటం వెతుకులాటకు తేడా చేయదు కానీ, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే అంధులకు అది రెండు మాటలుగా వినిపిస్తుంది.

ధర దగ్గర ఆగిపోయాం

నా క్యాప్షన్‌లో లోటు ఒకటుంది, మీరు ఈపాటికి పట్టేసి ఉంటారు. ధర లేదు. “ధర కోసం మెసేజ్ చేయండి” అనే పేజీలు నాకు పరమ చికాకు, కాబట్టి రాయాల్సిందేనన్నాను. పెద్దాయన వద్దన్నాడు.

“మా దగ్గర టోకున ఎత్తేవాడు ఒకడున్నాడమ్మా. ఎండాకాలం మొదట్లోనే సగం డబ్బు ఇచ్చిపోతాడు. ఆ డబ్బుతోనే నేను మట్టి తోలించేది, కట్టెలు కొనేది. నేను ఇంటి దగ్గర మూడు వందలని అందరికీ తెలిసేలా రాస్తే, వాడు ఊళ్లో నాలుగు వందలకు ఎలా అమ్ముకుంటాడు? వచ్చే ఏడు నా గడప తొక్కుతాడా?”

నా దగ్గర జవాబు లేదు. రీలు చూసి నేరుగా వచ్చేవాళ్లు నెలకు పదిమందో పాతికమందో. ఆవం మొత్తాన్ని ఎత్తుకుపోయేది ఆ టోకు వ్యాపారి. క్యాప్షన్‌లో ఒక్క అంకె ఆ ఇద్దరి మధ్య ఉన్న అప్పు లెక్కను కదిలిస్తుందని నాకు తట్టనే లేదు. కోడలు మాత్రం ధర రాయాలనే పక్షం. అందరూ నేరుగా కొంటే టోకువాడి అవసరమే ఉండదు కదా అంటుంది. ఉండదు, కానీ ఆ రోజు వచ్చే లోపల మట్టి ఎవరి డబ్బుతో తోలాలి? ప్రస్తుతానికి ధర లేకుండానే పెట్టారు. ఆ వ్యాఖ్య రాసిన మనిషికి ఇంకెవరో మూడు వందలని చెప్పి ఉండాలి, బహుశా ముందే కొన్నవాళ్లు.

తర్వాతి వీడియో ప్రమిదలదట, కార్తీకం కోసం. దానికీ “ఎనిమిది రోజులు” అని రాద్దామని కోడలు ఉత్సాహపడింది. వద్దన్నాను. ప్రమిదకు చెక్క దెబ్బ లేదు. ఒకే పెద్ద ముద్దను సారె మీద నిలబెట్టి, కొస నుంచి ఒక్కొక్కటే చేసి దారంతో కోస్తూ పోతారు, ఒక్కోదానికి క్షణాలే. పలచగా, చిన్నగా ఉంటుంది కాబట్టి ఆరడానికీ అన్ని రోజులు పట్టదు. అక్కడ వేగమే పనితనం, దాన్ని దాచాల్సిన పనే లేదు. ఒక్క కత్తెర కూడా లేకుండా, ఒక ముద్ద అయిపోయేదాకా ఆపకుండా తీయమన్నాను. కింద ఎన్ని ప్రమిదలు వచ్చాయో లెక్క, నూనె పీల్చకుండా ముందు నీళ్లలో నానబెట్టుకోమని ఒక మాట, డజను ఎంతో ధర. ప్రమిదలు టోకువాడు ఎత్తడు, కాబట్టి ఆ అంకె రాయడానికి పెద్దాయనకు అభ్యంతరం లేదట.